గుమ్మం బయట తిన్న పులుసు

పొద్దున్నే పాలు కాస్తుంటే ఫోన్ మోగింది. రేపల్లె నుంచి మా బావ, అంటే మా మేనత్త కొడుకు. అత్త తెల్లవారుతుండగా పోయిందని చెప్పాడు. కొన్నాళ్ళుగా మంచం మీద ఉన్న మనిషే, ఇవాళో రేపో అనుకుంటున్నదే. అయినా చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది, పాలు పొంగి పొయ్యంతా పారాయి. నాకు ఏడుపు ఇంకా రాలేదు. ఈలోపే బావ అడిగాడు.

"అమ్మాయ్, అమ్మ నీకేమన్నా చెప్పిందా? ఏం చెయ్యమనీ, ఏం వద్దనీ? ఇక్కడ మా సంఘం వాళ్ళు పువ్వులు కూడా వద్దంటున్నారు. మీ ఇంటివైపు వాళ్ళు ఏమనుకుంటారో అని నా భయం."

"ఆలోచించి చెప్తాను బావా" అని పెట్టేశాను. ఆలోచించడానికి ఏముంది, చెప్పింది. కానీ ఆ చెప్పింది ఎంతవరకు నమ్మాలో నాకు తెలియదు. ఎందుకంటే ఇదే ప్రశ్న చిన్నప్పుడు కూడా నన్నొకసారి నిలబెట్టి అడిగారు. అప్పుడు పోయింది అత్త వాళ్ళమ్మ, మా నాయనమ్మ. ఆ మూడు రోజులు మా ఇంట్లో జరిగిన గందరగోళం నాకు అప్పుడూ అర్థం కాలేదు, నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

మాది బాపట్లలో చర్చి వెనక వీధి. నాన్న బళ్ళో మాస్టారు. పెంకుటిల్లు, ముందు చిన్న వసారా, వీధివైపు ఇనుప గేటు, గేటు బయట కాలవ మీద పరిచిన నాపరాళ్ళు. ఆ రాళ్ళ మీదే సాయంత్రాలు మా ఆటలన్నీ. నాయనమ్మ మా దగ్గరే ఉండేది. రాత్రి నేనూ ఆవిడా ఒకే నులకమంచం. ఆవిడ చీరకి వక్క వాసన, కర్పూరం వాసన, కొబ్బరినూనె వాసన, మూడూ కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడన్నా కర్పూరం వాసన వస్తే నాకు దేవుడి గది గుర్తుకు రాదు, మా ఇంట్లో అసలా గదే లేదు, నాయనమ్మ దిండు గుర్తొస్తుంది.

సమాధుల పండుగ రోజు నన్ను వెంటబెట్టుకుని సమాధుల దొడ్డికి వెళ్ళేది. మా తాతగారి సమాధికి సున్నం కొట్టించి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించేది. చీకటిపడేసరికి దొడ్డంతా దీపాలే. పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే మేం పిల్లలం పక్క సమాధుల మీద కారిన మైనం గోకి ఉండలు చుట్టేవాళ్ళం. వేళ్ళు కాలేవి. ఎవరి ఉండ పెద్దదైతే వాళ్ళు గొప్ప. ఒకసారి అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నా జేబులో ఉండ చూసి "ఇది ఎవరి తాతది?" అని అడిగారు. అందరి తాతలదీ కలిసి ఉందని చెప్పాను. ఆయన నవ్వారు, అమ్మ మాత్రం వీపు మీద ఒకటిచ్చింది.

నాయనమ్మకి ఒక గుణం ఉండేది. ఎవరేమన్నా కాదనేది కాదు. అది మంచితనమో, వాదించే ఓపిక లేకో నేను చెప్పలేను.

అత్త నాన్నకి అక్క. రేపల్లె నుంచి తెనాలిదాకా ఒక రైలు, అక్కణ్ణించి బాపట్లకి ఇంకో రైలు పట్టుకుని, స్టీలు క్యారియర్‌లో చేపల పులుసుతో దిగేది. పెళ్ళయిన కొన్నేళ్ళకి అత్త వాళ్ళు మా చర్చి వదిలి వేరే ప్రార్థన మందిరంలో చేరారు. నీళ్ళల్లో మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకుంది. చెవుల కమ్మలు తీసేసింది, పువ్వు పెట్టడం మానేసింది, ఎప్పుడూ తెల్ల చీరే. సమాధుల మీద కొవ్వొత్తులన్నా, ఫోటోకి దండన్నా ఒప్పుకునేది కాదు. నాయనమ్మ కాళ్ళు ఒత్తుతూ అడిగేది. "అమ్మా, రేపు నీకు ఆకులెయ్యడాలూ, దినాలు చెయ్యడాలూ అవేం వద్దు. అవన్నీ పాత అలవాట్లు. ప్రార్థన చాలు. ఏమంటావు?"

"ప్రార్థన చాలమ్మా" అనేది నాయనమ్మ, కళ్ళు మూసుకుని.

నాయనమ్మ తమ్ముడు పిట్టలవానిపాలెం దగ్గర పల్లెటూళ్ళో వ్యవసాయం చేసేవాడు. నాకు తాతయ్య, నాన్నావాళ్ళకి మేనమామ. కొత్త బియ్యం మూట సైకిలు మీద వేసుకుని వచ్చేవాడు. ఆయన కూడా మా చర్చివాడే, పాటలన్నీ నోటికి వచ్చు, అయినా మనిషి పోతే మూడో రోజు సమాధి దగ్గర ఆకేసి, పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి పెట్టి, పక్షి ముట్టేదాకా నిలబడాలి అనేది ఆయన పట్టుదల. అది చిన్నదినం. పదకొండో రోజు నలుగురికీ మాంసం భోజనం పెట్టేది పెద్దదినం. "తాతలనాడు చర్చికి వచ్చాంగానీ ఆకలి మానేశామా?" అనేవాడు. "అక్కా, మన అమ్మకి పెట్టినట్టే నీకూ పెడతాం."

"పెట్టండిరా. పులుసు చిక్కగా ఉండాలి" అనేది నాయనమ్మ, అదే గొంతుతో.

నాన్నది మూడో దారి. ఆయనకి చర్చి క్రమం ఎలా ఉంటే అలాగే. గంట కొట్టాలి, అయ్యగారు రావాలి, క్రమం పుస్తకంలో ఏముంటే అది చదవాలి. దానికి మించీ వద్దు, తగ్గించీ వద్దు. ఆయనకి కూడా "అయ్యగారు ఎట్టా చెప్తే అట్టానే" అని మాటిచ్చింది నాయనమ్మ.

ఇవన్నీ మంచం మీద పక్కనే ఉన్న నా చెవిన పడేవి. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అందరికీ సరేనంటావేంటి నాయనమ్మా?"

"నేనేమన్నా వచ్చి చూస్తానా?" అంది. అటు తిరిగి పడుకుంది. కాసేపటికి మళ్ళీ ఇటు తిరిగి, "ఏమో, చూస్తానేమో కూడా" అంది.

ముసురు పట్టిన రోజుల్లో పోయింది. చర్చి గంట ఒక్కొక్కటే ఆగి ఆగి మోగింది. ఆదివారం గంటకీ ఈ గంటకీ తేడా మా వీధిలో చంటిపిల్లకి కూడా తెలుసు. మా చిన్నాన్న తెనాలిలో సప్లయి షాపు నడిపేవాడు, పందిళ్ళూ కుర్చీలూ అద్దెకిచ్చేవాడు. ఆయన ట్రక్కు నిండా కుర్చీలూ, షామియానా, ఐసుపెట్టె వేసుకుని దిగాడు. నడుముకి కొత్తగా కొన్న సెల్‌ఫోన్. అమ్మ పోయిందన్న దుఃఖంలో కూడా మనిషి కుర్చీలు సర్దుతూనే ఉన్నాడు. చేతులు ఊరికే ఉంటే ఏడుపొస్తుందని తర్వాత అమ్మతో అన్నాడట. ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పక్కింటి టీచరమ్మగారు పెద్ద గిన్నెతో ఉప్మా, ఫ్లాస్కుతో టీ పంపించారు. నేను కుర్చీల కింద కూర్చుని ఆ ఉప్మా తిన్నాను. ఎంత బాగుందో చెప్తే తప్పేమోనని ఎవరికీ చెప్పలేదు.

మొదటి పేచీ చీర దగ్గర. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తేవాలి. ఆ చీరతోనే సాగనంపాలి. తాతయ్య బాపట్ల బజార్లోనే ఆగి ఆకుపచ్చ పట్టుచీర కొని తెచ్చాడు. అప్పటికే అత్త నాయనమ్మకి స్నానం చేయించి తెల్ల నూలుచీర కట్టించేసింది.

"ఆత్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది మామయ్యా. ఈ దేహానికి పట్టెందుకు?" అంది అత్త.

"దేహానికి కాదమ్మాయ్. నేను అన్నదమ్ముణ్ణని చెప్పడానికి" అన్నాడు తాతయ్య. ఆ చీర అట్టసంచిలోనే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

తలవైపు నాన్న వెలిగించిన కొవ్వొత్తుల దగ్గర రెండో పేచీ. అత్త ఆర్పబోయింది, నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. సరిగ్గా అప్పుడే అయ్యగారు లోపలికి వచ్చారు. అందరూ ఒక్కసారే ఆయనతో చెప్పారు. ఆయన గొడుగు మడిచి మూలన పెట్టి, అంతా విని, నెమ్మదిగా చెప్పారు.

"క్రమంలో ఉన్నవి నేను చేస్తాను. ఇంటి దగ్గర ప్రార్థన, గుడిలో ఆరాధన, సమాధి దగ్గర మన్ను వెయ్యడం. చీర ఏ రంగుదో క్రమంలో లేదు. కట్టకూడదనీ లేదు, కట్టాలనీ లేదు. కొవ్వొత్తి గుడిలో ఎట్టాగూ వెలిగిస్తాం, ఇంట్లో దాని గురించి పట్టుబట్టొద్దు. ఇక మూడో రోజు నేను వచ్చి వాక్యం చదివి ప్రార్థన చేసి వెళ్ళిపోతాను. ఆకు దగ్గర మాత్రం నేను నిలబడను. నేను వెళ్ళాక మీరేం చేస్తారో నేను చూడను."

ఇది తీర్పో కాదో ఎవరికీ తెలియలేదు. గెలిచామని ముగ్గురూ అనుకున్నారు. చివరికి మా అమ్మే తాతయ్య చేతిలో సంచి తీసుకుని, పట్టుచీర మడత విప్పి, సమాధి పెట్టెలో నాయనమ్మకి నడుం దగ్గర్నుంచి పాదాలదాకా కప్పింది. "లోపల వదిన కట్టిన చీర ఉంది. పైన మావయ్యగారు తెచ్చింది ఉంది. ఇంక ఊరుకోండి" అంది. కొవ్వొత్తులు గాలికి ఆరిపోయాయి. మళ్ళీ ఎవరూ వెలిగించలేదు.

సాయంత్రం సిలువ ముందు, వెనక పెట్టె, దాని వెనక పాటలు పాడుతూ జనం. అయ్యగారు మన్ను తీసి మూడుసార్లు పెట్టె మీద వేశారు. మన్ను మన్నుకే, ధూళి ధూళికే అన్నారు. తర్వాత మేమందరం తలా ఒక గుప్పెడు. తడిమన్ను కాబట్టి చేతిని వదల్లేదు. నాకు లోపల ఆకుపచ్చ పట్టుకి బురద అంటుతుందేమోనన్న బాధే తప్ప ఇంకోటి తోచలేదు.

తిరిగొచ్చి గేటు దగ్గర కాళ్ళు కడుక్కుని, అందరూ షామియానా కింద కూర్చున్నారు. అసలు తగాదా అప్పుడు మొదలైంది.

"ఎల్లుండి ఆకుకి ఏర్పాట్లు చూడాలి. చేపలు నేను చెప్తాను" అన్నాడు తాతయ్య.

"ఆకేస్తే నేను రాను మామయ్యా" అంది అత్త. గొంతు పెంచలేదు. "మా అమ్మ దెయ్యమై తిరుగుతుందా తిండి పెట్టడానికి? అట్టాంటి చోట నేను నిలబడను. నా మాట కాదని వేశారంటే, ఆ తర్వాత ఈ గుమ్మం కూడా తొక్కను."

"మూడోనాడు తల్లి ఆకు దగ్గర కూతురు లేకపోతే పుట్టిల్లు తెగినట్టే. ఆ మాట నేనన్నది కాదు, పెద్దలన్నది."

"తెగితే తెగనివ్వండి."

 అత్త ఈ ఇంటికి రాకపోవడమంటే ఏంటో నాకు బాగా తెలుసు. వేసవి సెలవులకి నన్ను రేపల్లె తీసుకెళ్ళేది ఆవిడే. కాలవలో ఈత నేర్పింది ఆవిడే. అమ్మ కొడితే వచ్చేవారం వచ్చి అమ్మని తిట్టేది కూడా ఆవిడే. నాన్న వైపు చూశాను. ఆయన మొహం తుడుచుకుంటున్నాడు. అక్కని కాదంటే అక్క పోతుంది. మేనమామని కాదంటే వాళ్ళమ్మ పుట్టిల్లు పోతుంది. క్రమం పుస్తకంలో దీనికి జవాబు లేదు.

"అసలు అమ్మ ఏమంది? అది చూడండి. అమ్మ నాతో ప్రార్థన చాలంది" అంది అత్త.

"నాతో పులుసు చిక్కగా ఉండాలంది" అన్నాడు తాతయ్య.

"అయ్యగారు ఎట్టా చెప్తే అట్టా అంది" అన్నాడు నాన్న.

ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకున్నారు. అప్పుడు చిన్నాన్న నన్ను చూపించి, "అమ్మ పక్కన పడుకునేది ఇదే కదా. దీన్నడగండి" అన్నాడు. నన్ను మధ్యలోకి లాగి నిలబెట్టారు. "నీకేమన్నా చెప్పిందా అమ్మా? భయపడకుండా చెప్పు" అన్నాడు నాన్న.

"మీ ముగ్గురికీ సరేనంది" అన్నాను.

"మా సంగతి కాదే. నీకేం చెప్పింది?"

"వచ్చి చూస్తానా అంది. తర్వాత చూస్తానేమో కూడా అంది."

ఎవరూ మెచ్చుకోలేదు. "చూస్తానందా?" అన్నాడు తాతయ్య ఆశగా. "చూస్తానా అంది, విన్లేదా?" అంది అత్త. నేను చెప్పిన ఆ రెండు ముక్కల మీద ఇంకో గంట వాదించుకున్నారు. నిజం చెప్పినా తిట్లే తింటానేంటా అని నాకు తల తిరిగింది.

మర్నాడంతా గుసగుసలే. అమ్మ వంటింట్లో నాన్నతో, చిన్నాన్న గేటు దగ్గర తాతయ్యతో. ఇంట్లో చుట్టాలు ఎక్కువయ్యారని అత్త పక్కింటి టీచరమ్మగారింట్లో పడుకుంటోంది. సాయంత్రం నాన్న తాతయ్య ముందు నిలబడ్డాడు. ఎదురు మాట్లాడి ఎరగని మనిషి, నేలచూపులు చూస్తూ చెప్పాడు. "ఆకు వద్దు మామయ్యా. అక్క లేకుండా అమ్మ దగ్గరికి పోలేను."

 దొడ్లో కోసి తెచ్చిన అరిటాకు చుట్ట వసారాలో గోడకి ఆనించి ఉంది. తాతయ్య దానివైపు చూశాడు. "మీ అమ్మ, మీ ఇష్టం. నేను మాత్రం రేపు రాను" అన్నాడు. తన దగ్గరున్న వక్క కూడా నమల్లేదు ఆ సాయంత్రం. నాకు ఆయన మీద జాలేసింది. నిన్న అత్త పక్షం ఉన్న నేను ఇవాళ ఈయన పక్షం ఎలా అయ్యానో తెలియలేదు.

మూడో రోజు పొద్దున్నే నాన్న, చిన్నాన్న, అమ్మ, నేను సమాధుల దొడ్డికి వెళ్ళాం. ముసురు తగ్గింది. మట్టి దిబ్బ మీద పూలు నల్లబడ్డాయి. అత్త టీచరమ్మగారింటి నుంచి నేరుగా వచ్చింది, భుజానికి సంచి. అయ్యగారు కీర్తన చదివారు, చిన్న ప్రార్థన చేశారు. అన్నట్టుగానే వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. ఆయన గేటు దాటాక అత్త చుట్టూ చూసింది.

"మామయ్య ఏడిరా? ఆకేది?"

"ఆకేంటి?" అన్నాడు నాన్న.

అత్త సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది. చేపల పులుసు. బొమ్మిడాయిలు, పచ్చిమామిడి ముక్కలు, వేయించిన మెంతి వాసన. నాయనమ్మ బతికుండగా క్యారియర్ విప్పితే వచ్చే వాసనే. నా నోట్లో నీళ్ళూరాయి, కళ్ళల్లో కూడా. పక్క సమాధి సిలువ మీద ఒక కాకి వాలింది.

"రాత్రంతా ఆలోచించాను" అంది అత్త. "నా మూలంగా నువ్వు మామయ్యకి దూరమవడం నాకిష్టం లేదు. అమ్మకి ఉన్నది ఆ ఒక్క తమ్ముడు. తెల్లారకుండా లేచి చేపలు తెప్పించి, టీచరమ్మగారి పొయ్యి మీద వండాను. మీరు పెట్టుకోండి. నేను అవతల నిలబడి కళ్ళు మూసుకుంటాను."

నాన్న మొహం ఎర్రబడింది. "నీకోసం నిన్న మామయ్యని కాదన్నాను అక్కా. ఆకు వద్దన్నాను. ఆయన అలిగి ఇంట్లో కూర్చున్నాడు."

"నేనడిగానా అట్టా అనమని?"

"అడిగావు. అందరి ముందూ కూర్చుని గుమ్మం తొక్కనన్నావు."

"అన్నాననుకో. మామయ్య మాట నువ్వు తీసేస్తావని నేననుకోలేదు."

"నీ మాట నువ్వే తీసేస్తావని నేనేం కలగన్నానా?"

మొన్నటిదాకా నువ్వు ఒప్పుకోవేంటని కొట్టుకున్నవాళ్ళు, ఇప్పుడు నువ్వెందుకు ఒప్పుకున్నావని కొట్టుకుంటున్నారు. ఎవరు ఎవరి పక్షమో నాకు లెక్క పూర్తిగా తప్పిపోయింది. "ఇంతకీ పెట్టాలా వద్దా?" అన్నాడు చిన్నాన్న. పెట్టడానికి నాన్న ఒప్పుకోలేదు, మామయ్య లేకుండా అది ఏం పెట్టడం అన్నాడు. అత్త తన చేత్తో పెట్టదు. అమ్మ నాకు సంబంధం లేదన్నట్టు పూలు ఏరుతోంది. కాకి మెడ వంచి చూసి చూసి ఎగిరిపోయింది. అత్త మూత పెట్టేసింది. అందరం ఇంటికి బయల్దేరాం.

గేటు దగ్గర తాతయ్య కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. డబ్బా చూశాడు, వాసన పట్టాడు. సంగతంతా చిన్నాన్న చెప్పాడు. తాతయ్య మొహంలో ఒక వెలుగు వచ్చింది, అంతలోనే పోయింది. లేచి గేటుకి అడ్డం నిలబడ్డాడు.

"లోపలికి తేవొద్దమ్మాయ్. సమాధి దాకా పోయిన కూడు మళ్ళీ ఇంట్లోకి రాకూడదు."

"పెట్టలేదు మామయ్యా. ఊరికే పట్టుకెళ్ళాను."

"మూత తీశావా?"

"తీశాను."

"వాసన దిబ్బ దాకా పోయిందా?"

"పోయింది."

"అయితే పెట్టినట్టే."

"పెట్టకుండా పెట్టినట్టు ఎట్టా అవుతుంది?" అన్నాడు నాన్న.

అత్త డబ్బా పట్టుకుని నాపరాళ్ళ మీద నిలబడిపోయింది. ఆవిడ చిక్కు ఆవిడది. పెట్టినట్టే అయితే అది ఆవిడ తినకూడని తిండి, మందిరంలో అదే నేర్పారు, పైగా గుమ్మం తొక్కనన్న తన మాట ఉండనే ఉంది. పెట్టనట్టయితే తాతయ్య లెక్కలో చిన్నదినం జరగలేదు, కూతురు ఆకు దగ్గర లేదు, పుట్టిల్లు తెగింది. ఎటు చెప్పినా ఆవిడ ఈ గేటు లోపలికి రావడం లేదు. 

"మా అమ్మకని వండాను మామయ్యా. కాలవలో పొయ్యమంటారా?" అంది. అంతే, వీధిలోనే ఏడ్చేసింది. పెట్టె దించేటప్పుడు కూడా ఏడవని మనిషి.

 తాతయ్య అత్తవైపు చూశాడు, డబ్బావైపు చూశాడు. గిర్రున తిరిగి లోపలికి వెళ్ళాడు. అలిగి సంచి తెచ్చుకోడానికే వెళ్ళాడని మేమంతా అనుకున్నాం. వసారాలో గోడకి ఆనించిన అరిటాకు తెచ్చి, గేటు బయట, మేం ఆడుకునే నాపరాళ్ళ మీద పరిచాడు. నీళ్ళు చల్లాడు. బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఇంట్లోకి రాకూడదన్నాను. బయట తినకూడదని నేననలేదు. అన్నం పట్రామ్మా" అన్నాడు అమ్మతో.

అమ్మ పరిగెత్తి అన్నం గిన్నె తెచ్చింది. తాతయ్య డబ్బా అందుకుని ఆకు మధ్యలో పులుసు ఒంపాడు. కలపలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అత్తనే చూస్తూ కూర్చున్నాడు. వీధిలో పాలవాడు సైకిలు దిగి నిలబడ్డాడు. టీచరమ్మగారు గోడ మీదుగా చూస్తున్నారు.

అత్త కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. భోజనానికి ముందు చేసే ప్రార్థనో, క్షమించమని అడిగే ప్రార్థనో, ఎవరికి తెలుసు. చాలాసేపు చేసింది. తర్వాత తెల్ల చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, తాతయ్యకి ఎదురుగా రాళ్ళ మీద కూర్చుని, అదే ఆకులో చెయ్యి పెట్టింది. మొదటి ముద్ద గొంతు దిగడానికి కష్టపడింది. రెండో ముద్ద తిని, "మెంతులు ఎక్కువయ్యాయి" అంది.

"మీ అమ్మకి అట్టాగే ఇష్టం" అన్నాడు తాతయ్య, అప్పుడు కలుపుకుంటూ.

నాన్న "ఇది ఏ క్రమంలోనూ లేదు" అంటూనే కూర్చున్నాడు. చిన్నాన్న కుర్చీలు తెస్తానంటే తాతయ్య తిట్టాడు. నన్ను అత్త పక్కకి లాక్కుని ముల్లు తీసి చేపముక్క నోట్లో పెట్టింది. నాయనమ్మ పోయాక నేను కడుపునిండా అన్నం తిన్నది అప్పుడే.

పదకొండో రోజు మాంసం భోజనాలు పెట్టారు. పిలుపుల్లో నాన్న దాన్ని జ్ఞాపకార్థ కూడిక అన్నాడు, తాతయ్య పెద్దదినం అన్నాడు. అత్త ముందురోజే వచ్చి ఉల్లిపాయలు తరిగింది. ఆకు దగ్గర కూతురు తిన్నదని తాతయ్య వాళ్ళ ఊరంతా చెప్పుకున్నాడు. సమాధి మీద ఆకు వెయ్యలేదని అత్త వాళ్ళ మందిరంలో చెప్పింది. అంతా క్రమం ప్రకారమే జరిగిందని నాన్న అయ్యగారికి చెప్పాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. నిజమేంటో మాత్రం నాకిప్పటికీ తేలలేదు.

తాతయ్య పోయి చాలాకాలమైంది. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, రైలెక్కలేడు. ఇవాళ అత్త సంగతి చెప్పగానే కాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత, "చీర కొని తీసుకుపో. మనవైపు నుంచి చీర పోవాలి" అన్నాడు. చర్చి క్రమం తప్ప ఇంకో మాట ఎరగని మనిషి.

చిక్కు అక్కడే ఉంది. పోయిన పండక్కి వెళ్ళినప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "నేను పోతే నువ్వేం తేవొద్దే. చీరా గీరా వద్దు. ఊరికే రా, వచ్చి ఏడ్చి పో." నేను సరేనన్నాను. ఇటు నాన్నకీ సరేనన్నాను. నాయనమ్మ బుద్ధే నాకూ వచ్చినట్టుంది.

తెనాలిలో దిగాక రేపల్లె రైలుకి ఇంకా టైముంది. బజార్లోకి వెళ్ళి ఆకుపచ్చ పట్టుచీర కొన్నాను, ఎందుకైనా మంచిదని. ఇస్తే బావని వాళ్ళ సంఘం ముందు ఇబ్బందిపెట్టినదాన్నవుతాను. ఇవ్వకపోతే నాన్న మాట, తాతయ్య మాట, రెండూ తీసేసినదాన్నవుతాను. సంచి అడుక్కి తోసి పైన తువ్వాలు కప్పాను. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉండగా మళ్ళీ బావ ఫోన్.

"ఇంతకీ అమ్మ నీకేం చెప్పింది? పెట్టె వచ్చేసింది, పాస్టరుగారు అడుగుతున్నారు."

"ముందు నీకేం చెప్పిందో చెప్పు బావా."

 అవతల ఎవరో ప్రార్థన చేస్తున్న గొంతు వినిపించింది. బావ దూరంగా నడిచి వచ్చినట్టున్నాడు, గొంతు తగ్గించాడు.

"ఎవరితోనూ అనొద్దంది. మా పుట్టింటి నుంచి చీర వస్తుంది, వస్తే కాదనొద్దు, రాకపోతే అడగొద్దు అంది."

నాపరాళ్ళ మీద తెల్ల చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి కూర్చున్న అత్త కళ్ళముందుకి వచ్చింది. పులుసు అంటిన ఆ వేళ్ళు, నా నోటికి అందించిన ఆ ముక్క. పొద్దుట్నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. బావ "అమ్మాయ్, ఉన్నావా?" అని అడుగుతూనే ఉన్నాడు.

"ఉన్నాను. తెస్తున్నాను బావా" అన్నాను. "ఇంకాసేపు పెట్టె మూయనివ్వకు."